విధేయురాలు రాసిన మెయిలు



నేను హైదరాబాదులో ఒక చిన్న ఎలక్ట్రానిక్స్ సంస్థలో పనిచేస్తున్నాను. సర్క్యూట్ బోర్డులు తయారుచేసి, పరీక్షించి పంపడం మా పని. డిసెంబరు వచ్చిందంటే చాలు, ఇంజనీరింగ్ ఆఖరి ఏడాది పిల్లల మెయిళ్ళు వరసకట్టి వస్తాయి. ఎనిమిదో సెమిస్టర్లో ఎక్కడైనా ఇంటర్న్‌షిప్ చేసి కాలేజీకి రిపోర్టు ఇవ్వాలి కనుక, మూడు నాలుగు నెలలు మా దగ్గర చేరనివ్వమని అడుగుతారు. వాటిని చదివి, ఎవరిని పిలవాలో తేల్చేది నేనే. ఇవాళ ఆ మెయిళ్ళలో ఒక్కదాని గురించే చెబుతాను. రాసిన అమ్మాయిని అడిగి, ఆమె సరేనన్న తర్వాతే చెబుతున్నాను. పేరు, కాలేజీ మాత్రం చెప్పను.

మెయిలు రాత్రి పదకొండున్నర దాటాక వచ్చింది. సబ్జెక్టు ఉండాల్సిన చోట ఏమీ లేదు. లోపల ఇలా ఉంది. నేను చదువుతాను, వినండి.

“రెస్పెక్టెడ్ సర్. విత్ డ్యూ రెస్పెక్ట్ ఐ బెగ్ టు స్టేట్ దట్, మైసెల్ఫ్ ఐ హావ్ కంప్లీటెడ్ బీటెక్ ఫైనల్ ఇయర్ ఈసీఈ బ్రాంచ్. ఐ యామ్ వెరీ మచ్ ఇంట్రెస్టెడ్ టు డూ ఇంటర్న్‌షిప్ ఇన్ యువర్ ఎస్టీమ్డ్ ఆర్గనైజేషన్. యూ కెన్ గివ్ మీ ఆపర్చునిటీ. ఐ విల్ బీ ఒబీడియంట్ అండ్ సిన్సియర్. కైండ్లీ డూ ద నీడ్‌ఫుల్ అండ్ రివర్ట్ బ్యాక్ ఇమ్మీడియట్లీ. థాంకింగ్ యూ సర్. యువర్స్ ఒబీడియంట్లీ.”

కింద పేరు, ఫోన్ నంబరు. రెజ్యూమె అని ఒక ఫైలు. అంతే.

చెవికి ఇందులో స్పెల్లింగు తప్పులు వినిపించవు. తెర మీద చూస్తే ఇంటర్న్‌షిప్ అన్న మాటలో మధ్య ‘ఎన్’ లేదు. ఇంట్రెస్టెడ్‌లో ‘టి’ తర్వాత రావాల్సిన ‘ఇ’ లేదు. ఆపర్చునిటీలో రెండు ‘పి’ల తర్వాత ‘ఓ’ బదులు ‘యు’ ఉంది. చివర యువర్స్ అన్నచోట ‘ఆర్’కూ ‘ఎస్’కూ మధ్య ఒక కామా పైన వేలాడుతోంది. నిజానికి ఆ మాటకు ఆ గుర్తు ఎప్పుడూ రాదు.

ఈ స్పెల్లింగు తప్పుల్ని నేను బద్ధకం కింద జమకట్టను. ఆ అమ్మాయి చెవితో రాసింది. తెలుగులో మనకు అదే అలవాటు. పలికిందే రాస్తాం, రాసిందే పలుకుతాం. ‘ఇంట్రెస్ట్’ అని మనం పలుకుతాం, తెలుగు పత్రికలో అలాగే అచ్చవుతుంది, బ్యాంకు బోర్డు మీద అలాగే ఉంటుంది. ఆ పలుకుబడిని పట్టుకుని వెనక్కి ఇంగ్లీషు అక్షరాల్లోకి వెళితే ‘ఐ, ఎన్, టి, ఆర్’ అనే వస్తుంది. మధ్యలో ఉన్న ‘ఇ’ని మన నోరు ఎప్పుడో మింగేసింది. ఆపర్చునిటీలో ‘పర్’ అని గట్టిగా అంటాం కనుక ‘పి, యు, ఆర్’ వచ్చింది. తెలుగు రాసే చేతికి ఇది సహజమైన దారి. అందుకే మా దగ్గరికి వచ్చే మెయిళ్ళలో వేరువేరు ఊళ్ళ పిల్లలు, ఒకరినొకరు ఎరగనివాళ్ళు, సరిగ్గా ఇవే తప్పులు చేస్తుంటారు.

ఈ రకం తప్పుల్ని ఫోనైనా కంప్యూటరైనా కింద ఎర్ర గీత గీసి పట్టిస్తుంది. పట్టించనివి వేరే ఉన్నాయి. ‘ఫ్రమ్’ అని రాయబోతే ‘ఫామ్’ అయిపోతుంది, రెండక్షరాలు తారుమారవుతాయి అంతే. ‘ఫీల్డ్’ రాయబోతే ‘ఫైల్డ్’ అవుతుంది. ‘మేనేజర్’లో ఒక ‘ఏ’ జారిపోతే పశువుల గాడి అనే అర్థం వచ్చే మాట మిగులుతుంది. ఇవన్నీ నిఘంటువులో ఉన్న మాటలే కనుక ఎర్ర గీత రాదు. బీటెక్ చదువుతున్నానని చెప్పడానికి ‘పర్స్యూయింగ్’ అని రాయాలి. దాన్ని మొదటి ‘యు’ బదులు ‘ఇ’తో రాస్తే, కొన్ని ఫోన్లు దాన్ని దిద్ది ‘పెరూజింగ్’ చేసేస్తాయి. అంటే బీటెక్‌ను శ్రద్ధగా చదివి పరిశీలిస్తున్నానని అర్థం. రాసినవాళ్ళకు ఆ సంగతే తెలియదు.

ఇంతవరకూ చెప్పినవేవీ ఆ మెయిలును పక్కన పెట్టించేవి కావు. నాలుగు అక్షరాలు తప్పాయని మనిషిని కాదనడం నాకు చేతకాదు. నష్టం చేసింది ఒక క్రియాపదం. ‘హావ్ కంప్లీటెడ్’ అంది. పూర్తిచేశాను అని. మా దగ్గర కాలేజీలో ఉన్నవాళ్ళ మెయిళ్ళు ఒకచోట, చదువు అయిపోయి ఉద్యోగం అడిగేవాళ్ళవి మరొకచోట పెడతాం. ఇంటర్న్‌షిప్‌కి కాలేజీ నుంచి ఉత్తరం కావాలి, చదువు అయిపోయినవాళ్ళకు ఆ ఉత్తరం దొరకదు. ఆ ఒక్క మాట వల్ల ఈ మెయిలు రెండో పెట్టెలోకి పోవలసింది. ఏ ఏడాది పూర్తయిందో చూద్దామని రెజ్యూమె తెరిచాను. పూర్తి కాలేదు, ఇంకా ఒక సెమిస్టరు ఉంది. రెండో పేజీ అడుగున ప్రాజెక్టు అనే శీర్షిక కింద రెండు వాక్యాలు కనిపించాయి. అవి చదివాక ఫోన్ చేశాను.

“అమ్మా, నీ బీటెక్ అయిపోయిందా?”

“లేదు మేడమ్, ఇంకా ఒక సెమ్ ఉంది.”

“మరి పూర్తయిందని రాశావేం?”

“ఏడో సెమ్ ఎగ్జామ్స్ అయిపోయాయి కదా మేడమ్, అందుకని అలా రాశాను.”

నేను మేడమ్‌ని అని ఆమెకు అప్పుడే తెలిసింది. మా సంస్థ వెబ్‌సైటులో నా పేరుంది. అయినా మెయిల్లో సర్ అనే రాసింది. ఎందుకని అడిగాను. కొంచెంసేపు మాట్లాడలేదు. తర్వాత నెమ్మదిగా, “లెటర్ అంటే అట్లానే మొదలుపెడతాం కదా మేడమ్” అంది.

ఆ జవాబులో అసలు సంగతంతా ఉంది. మనలో చాలామంది జీవితంలో మొదటిసారి రాసిన ఇంగ్లీషు ఉత్తరం సెలవు చీటీ. జ్వరం వచ్చింది, రెండు రోజులు సెలవు ఇప్పించండి అని హెడ్మాస్టరుకు రాసేది. దాన్ని బట్టీ పట్టించారు, పరీక్షలో మార్కులిచ్చారు. ఆ సెలవు చీటీ ఒంటరిది కాదు. దానికి తెలుగు తోబుట్టువు ఒకటుంది. ‘నమస్కరించి వ్రాయునది ఏమనగా’ అని మొదలై ‘ఇట్లు మీ విధేయురాలు’ అని ముగిసే అర్జీ. ‘ఐ బెగ్ టు స్టేట్ దట్’ పక్కన ‘వ్రాయునది ఏమనగా’ పెట్టి చూడండి. ‘యువర్స్ ఒబీడియంట్లీ’ పక్కన ‘మీ విధేయురాలు’ పెట్టండి. ‘ఇక్కడ మేమంతా క్షేమం, అక్కడ మీరూ క్షేమమని తలుస్తాను’ అని మా నాయనమ్మ కార్డు ముక్క మీద రాయించేది. ఇప్పుడు పిల్లలు ఈ మెయిలు అందేసరికి మీరు ఆరోగ్యంగా ఉంటారని ఆశిస్తున్నాను అని మొదలుపెడతారు. ఆ ఆప్యాయత నాకు నచ్చుతుంది. కానీ ముఖపరిచయం లేని మనిషి పని అడుగుతూ రాసిన ఉత్తరంలో దానికి చోటు లేదు.

‘డూ ద నీడ్‌ఫుల్’ సంగతి వేరు. ఇది మన పిల్లలు కల్పించుకున్నది కాదు. ఒకప్పుడు ఇంగ్లండులోనే అధికారుల ఉత్తరాల్లో నడిచిన మాట. అక్కడ వాడుక తగ్గిపోయింది, ఇక్కడి ఆఫీసు ఫైళ్ళలో మిగిలిపోయింది. తెలుగులో ‘తగు చర్య తీసుకోవలసినది’ అంటాం చూశారా, అదే ఇది. ఒక అధికారి కింది కార్యాలయానికి కాగితం పంపుతూ రాసే మాట. ఏం చెయ్యాలో అవతలివాళ్ళకు ముందే తెలుసు, చెయ్యడం వాళ్ళ విధి, అందుకే విడమరిచి చెప్పనక్కర్లేదు. చదువుకునే పిల్ల ఒక అపరిచితురాలికి ఆ మాట రాస్తే రెండు చిక్కులు వస్తాయి. ఏం కావాలో చెప్పినట్టు ఉండదు. పైగా ఆజ్ఞ జారీ చేసినట్టు ఉంటుంది. ‘రివర్ట్ బ్యాక్ ఇమ్మీడియట్లీ’ దాని వెనకే వచ్చి ఇంకా గట్టిగా తగులుతుంది. ‘రివర్ట్’ అంటే పాత స్థితికి తిరిగిపోవడమని అసలు అర్థం. జవాబివ్వడం అనే అర్థంలో మన దేశంలో బాగా పాతుకుపోయింది కనుక చదివేవాళ్ళకు తెలుస్తుంది, దాన్ని పట్టుకుని ఎవరినీ తప్పుపట్టను. ‘ఇమ్మీడియట్లీ’ మాత్రం తీసేయాల్సిందే. వెంటనే జవాబివ్వు అని మా డైరెక్టరు గారు కూడా నాకు రాయరు.

ఆ అమ్మాయి మనసులో ఆజ్ఞ లేదు. అది నాకు బాగా తెలుసు. “తెలుగులో చెప్పమ్మా, ఏమని రాయాలనుకున్నావు?” అని అడిగితే గబగబా చెప్పింది. “నాకు ఒక అవకాశం ఇవ్వగలరు. దయచేసి త్వరగా తెలియజేయగలరు.”

ఈ ‘గలరు’ దగ్గర ఒక్క నిమిషం ఆగుతాను, ఎందుకంటే మెయిల్లో ఇబ్బందిపెట్టిన వాక్యం ఇక్కడి నుంచే పుట్టింది. తెలుగులో ‘గల’ అంటే సామర్థ్యం. నేను ఈదగలను, ఆమె పాడగలదు. కానీ ఉత్తరాల్లో, ఆహ్వానపత్రికల్లో దాన్ని అభ్యర్థనగా వాడతాం. ‘సకాలంలో హాజరు కాగలరు’ అని పెళ్ళిపత్రికలో రాస్తే, మీకు ఆ శక్తి ఉందని అర్థం కాదు, రండి అని మర్యాదగా అడగడం. ఇంగ్లీషులో ‘కెన్’కు ఈ గుణం లేదు. అది ప్రశ్నగా ఉంటేనే అభ్యర్థన అవుతుంది. ‘కెన్ యూ’ అని అడిగితే వేడుకోలు, ‘యూ కెన్’ అని చెబితే అనుమతి. ‘యూ కెన్ గివ్ మీ ఆపర్చునిటీ’ అంటే మీరు నాకు అవకాశం ఇవ్వవచ్చు, నేను ఒప్పుకుంటున్నాను అని. ఎంతో వంగి అడిగిన మాట, అవతలి ఒడ్డు చేరేసరికి తల ఎగరేసి నిలబడింది.

తెలుగులో మర్యాద క్రియ చివర్లో ఉంటుంది. ‘ఇవ్వు’, ‘ఇవ్వండి’, ‘ఇవ్వగలరు’. పేరు పక్కన ‘గారు’ ఉంటుంది. వాక్యం పొట్టిదైనా మర్యాద దానితోపాటే పోతుంది. ఇంగ్లీషు క్రియకు ఆ తోక లేదు. అక్కడ ‘యూ’ అంటే నువ్వూ అదే, మీరూ అదే. ఆ వెలితి పిల్లలకు తెలుస్తూనే ఉంటుంది. మీరు అనలేకపోతున్నామే అని బెంగపడి ఆ లోటు పూడ్చడానికి రెస్పెక్టెడ్, డ్యూ రెస్పెక్ట్, ఎస్టీమ్డ్, కైండ్లీ, ఒబీడియంట్ అని గౌరవం మాటలు ఒకదానిమీద ఒకటి పేరుస్తారు. ఇంగ్లీషువాళ్ళు మర్యాద చూపించే దారి ప్రశ్నలో ఉంది. ‘కుడ్ యూ’, ‘వుడ్ ఇట్ బీ పాసిబుల్’ అని వీలవుతుందా అని అడుగుతారు. కాదనడానికి అవతలివాళ్ళకు చోటిస్తారు. ఆ చోటివ్వడమే గౌరవం.

విధేయంగా ఉంటానన్న వాక్యం గురించి కూడా చెప్పాలి. అది చదివినప్పుడల్లా నాకు మనసు కష్టమవుతుంది. బోర్డు పరీక్షించే బల్ల దగ్గర నాకు విధేయత అక్కర్లేదు. కొలత తేడాగా ఉంటే, “మేడమ్, ఇది తప్పు” అని చెప్పే పిల్ల కావాలి.

మరి నేను ఫోన్ ఎందుకు చేశాను? రెజ్యూమె రెండో పేజీలో ఉన్న రెండు వాక్యాల వల్ల. వాళ్ళది అనంతపురం వైపు పల్లె. నాన్నగారి వేరుశనగ చేనులో నేల తడిని కొలిచి మోటారు ఆపే చిన్న పరికరం చేసింది. నేలలో గుచ్చే సెన్సరు మూడు వారాల్లో పాడైందని, దాని బదులు వేరే రకం పెట్టానని రాసింది. ఫోన్లో అడిగితే అసలు కథ చెప్పింది. మొదట వాడింది చవకగా దొరికే రెండు కాళ్ళ సెన్సరు. రెండు కాళ్ళ మధ్య మట్టిలోంచి కరెంటు పారించి, నిరోధాన్ని బట్టి తడి ఎంతుందో చెబుతుంది. కరెంటు ఎప్పుడూ ఒకే దిక్కుగా పారడంతో ఒక కాలు మీది లోహం కరిగిపోతూ వచ్చింది. లోహం పోయేకొద్దీ నిరోధం పెరిగింది. నిరోధం పెరిగితే పరికరం నేల ఎండిపోయిందనుకుంటుంది. చేను నీళ్ళతో నిండి ఉన్నా మోటారు ఆగలేదు. వాళ్ళ నాన్నగారు వెళ్ళి చేత్తో ఆపారు. ఈమె సెన్సరు పీకి చూస్తే రెండు కాళ్ళలో ఒక్కటే తినేసినట్టు ఉంది. ఒక్కటే ఎందుకు పోయింది అన్న ప్రశ్న పట్టుకుని కారణం దాకా వెళ్ళింది. తర్వాత లోహం మట్టికి తగలకుండా కొలిచే కెపాసిటివ్ సెన్సరు పెట్టింది.

నాకు కావలసిన మనిషి ఆ రెండో పేజీలో ఉంది. మెయిల్లో ఆమె ఎక్కడా లేదు. ఉన్నదంతా సెలవు చీటీ.

మెయిలు మళ్ళీ రాయమన్నాను. నేను రాసివ్వలేదు. నాలుగు విషయాలు అడిగాను. నువ్వెవరివి, ఎప్పటి నుంచి ఎప్పటి దాకా రాగలవు, నీ చేతులతో ఏం చేశావు, నన్ను ఏం అడుగుతున్నావు. వీటికి తెలుగులో ఒక్కో వాక్యం చెప్పుకుని, ఆ తర్వాత ఇంగ్లీషులో రాయమన్నాను. మొదలు ఎలా అని అడిగింది. పేరు తెలిస్తే ‘డియర్’ అని పేరు రాయి, ఆడో మగో తెలియకపోతే పూర్తి పేరు రాయి అన్నాను. మన పేర్లలో ఇంటిపేరు ముందు, అదీ పొడి అక్షరాల్లో ఉంటుంది కనుక, ‘మిస్టర్’ పెట్టి ఒక్క ముక్క రాయబోతే తప్పులో కాలేస్తారు. తెలుగువాళ్ళకు రాసేటప్పుడు పేరు పక్కన ‘గారు’ అని ఇంగ్లీషు అక్షరాల్లో పెట్టినా నేను సంతోషిస్తాను. అందరూ ఒప్పుకుంటారని మాత్రం చెప్పలేను. ముగింపు విషయానికొస్తే, పేరు రాయకుండా ‘డియర్ సర్’ అని మొదలుపెట్టిన ఉత్తరానికి ‘యువర్స్ ఫెయిత్‌ఫుల్లీ’, పేరుతో మొదలుపెట్టినదానికి ‘యువర్స్ సిన్సియర్లీ’ అనేది పాత బ్రిటిష్ పద్ధతి. మెయిళ్ళలో ‘రిగార్డ్స్’ అని రాసి పేరు పెడితే సరిపోతుంది.

ఇంకొక్క జాగ్రత్త చెప్పాను. పంపవలసిన చిరునామా అన్నిటికంటే చివర నింపమన్నాను. ముందే నింపితే వేలు జారి సగం మెయిలు వెళ్ళిపోతుంది. ఆ లోగా పైకి చదువుకోవాలి, నోటితో, మాటమాటా వేలు పెట్టి. ‘ఫ్రమ్’ బదులు ‘ఫామ్’ ఉంటే కన్ను దాటవేస్తుంది, నోరు దాటవేయదు. పాత మెయిలు నకలు చేసి పంపేవాళ్ళయితే సంస్థ పేరును ఒకటికి రెండుసార్లు చూసుకోవాలి. వేరే కంపెనీ పేరుతో నాకు మెయిళ్ళు వస్తూనే ఉంటాయి. వాటికి నేను జవాబు రాయలేను, ఎందుకంటే ఆ పిల్లలు నన్ను అడగలేదు.

రెండో మెయిలు మర్నాడు సాయంత్రం వచ్చింది. సబ్జెక్టులో ఇంటర్న్‌షిప్, జనవరి నుంచి ఏప్రిల్, ఈసీఈ ఆఖరి ఏడాది, ఆ పక్కన పేరు. లోపల ఆరు వాక్యాలు. ఏడో సెమిస్టరు అయింది, మేలో చదువు పూర్తవుతుంది అని మొదటిది. కాలేజీ ఉత్తరం ఇస్తుందని రెండోది. మూడు, నాలుగు వాక్యాల్లో సెన్సరు సంగతి, ఒక కాలే ఎందుకు కరిగిందో కారణంతో సహా. ఐదోది మా దగ్గర బోర్డుల పరీక్ష నేర్చుకోవాలనుంది అని. ఆరోది ప్రశ్న. “వుడ్ ఇట్ బీ పాసిబుల్ టు మీట్ యూ ఎనీ డే నెక్స్ట్ వీక్?” కింద రిగార్డ్స్, పేరు, ఫోన్ నంబరు.

ఆపర్చునిటీలో ‘యు’ ఇంకా అలాగే ఉంది. బుధవారం పదిగంటలకు రమ్మని జవాబు రాశాను. వచ్చేటప్పుడు ఆ పాడైన సెన్సరు తీసుకురమ్మన్నాను. తెచ్చింది. కాగితంలో చుట్టి, దారం కట్టి తెచ్చింది. విప్పి నా బల్ల మీద పెట్టింది. ఒక కాలు మెరుస్తోంది, రెండో కాలు మీద పచ్చటి మరక తప్ప ఏమీ మిగల్లేదు. దాన్ని చూపిస్తూ ఇరవై నిమిషాలు మాట్లాడింది. అందులో సగం తెలుగు, సగం ఇంగ్లీషు.